పసుపు మరకను కలుపుకునే రంగులు: హల్దీ బట్టల ఎంపిక

హల్దీ ఫంక్షన్‌కు పసుపు రంగు బట్టలే కట్టాలన్న మాట ఇప్పుడు ఆంధ్ర, తెలంగాణల్లో కూడా పెళ్లి పిలుపులతో పాటే వాట్సాప్‌లో వచ్చేస్తోంది. నలుగు పెట్టి మంగళస్నానం చేయించడం తెలుగు ఇళ్లలో పాత ఆచారమే. అయితే అప్పట్లో నలుగుకు కూర్చునేవారు మరకైనా ఫర్వాలేదనుకున్న నేత చీరో, పంచో కట్టుకునేవారు. ఇప్పుడు ఆ రోజుకు ప్రత్యేకంగా లంగావోణీలు, లెహంగాలు, కుర్తాలు కుట్టిస్తున్నారు, ఫొటోలు తీయిస్తున్నారు. బట్టలు కళకళలాడాలి, వాటి మీద పసుపు పడాలి, పడ్డాక కూడా అవి పాడైనట్టు కనిపించకూడదు. ఈ మూడూ ఒకే బట్టలో కుదరాలంటే పసుపు మరక ఒక్కో రంగును ఏం చేస్తుందో ముందుగా తెలిసి ఉండాలి.

పసుపులో రంగునిచ్చే పదార్థం కుర్‌కుమిన్. అది కాంతిలోని ఊదా, నీలి భాగాన్ని పీల్చేసుకుని మిగతా రంగులను వదిలేస్తుంది. గోడకు వేసిన పెయింటు అడుగు రంగును కప్పేస్తుంది. పసుపు మరక అలా కప్పదు. బట్ట మీద పసుపు రంగు గాజు పలక పెట్టి చూసినట్టు, అడుగు రంగు కనిపిస్తూనే ఉంటుంది, అందులోని నీలం మాత్రం పోతుంది. కాబట్టి ఏ రంగులో నీలం పాలు ఎంత ఉందన్నదే అసలు ప్రశ్న. నీలం దాదాపు లేని రంగు మీద మరక పడినా తీసేయడానికి అక్కడేమీ ఉండదు, రంగు అలాగే నిలుస్తుంది. నీలం ఎక్కువగా ఉన్న రంగు మీద పడితే ఆ రంగు స్వరూపమే మారిపోతుంది. తెలుపులో అన్ని రంగులూ సమానంగా ఉంటాయి కనుక అందులోంచి నీలం పోగానే పచ్చగా అవుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే దుకాణంలో ఏ తానును చూసినా హల్దీకి పనికొస్తుందో లేదో చాలావరకు చెప్పేయవచ్చు.

ముందుగా పసుపు రంగు సంగతే చూడాలి. ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే. పసుపు రంగు బట్ట మీద పసుపు కనిపించదని అందరూ అనుకుంటారు. నిమ్మపండు రంగు లెహంగా విషయంలో అది నిజం కాదు. లేత నిమ్మ రంగులో తెలుపు పాలు చాలా ఉంటుంది, అంటే నీలం కూడా కొంత మిగిలి ఉంటుంది. దాని మీద నలుగు పిండి పడిన చోటల్లా ముదురు మచ్చలు తేలుతాయి. బట్ట అంతా లేత రంగులో ఉండి ఛాతీ మీద, ఒడిలో మాత్రం ముదురు పసుపు మచ్చలుంటే పప్పుచారు ఒలికినట్టే కనిపిస్తుంది. బట్ట రంగు మరక రంగుతో సమానంగా గానీ, ఇంకొంచెం ముదురుగా గానీ ఉన్నప్పుడే మరక అందులో కలిసిపోతుంది. ముద్ద బంతి రంగు, బాగా పండిన మామిడిపండు రంగు, ఆవపిండి రంగు ఈ పనికి సరిపోతాయి. వీటిలో ఆవపిండి రంగు మరకను అన్నిటికంటే బాగా దాచుతుంది కానీ నీడలో కాస్త మందంగా కనిపిస్తుంది. కాంతివంతంగా ఉండాలి, మరకా కలిసిపోవాలి అనుకుంటే బంతిపువ్వు రంగును మించినది లేదు.

బంతి నుంచి ఎరుపు వైపు వెళ్లే కొద్దీ దారి ఇంకా సుగమం. నారింజ, కనకాంబరం, ఇటుక రంగు, మిరపపండు ఎరుపు, వీటన్నిటిలో నీలం చాలా తక్కువ. పసుపు తడి వీటి మీద ఆరాక రంగులో తేడా కనుక్కోవడం కష్టం. పైన అంటుకున్న పిండి పొరను గోకేస్తే బట్ట దాదాపు యథాతథంగా ఉంటుంది. అందులోనూ కనకాంబరం రంగును తెలుగువారు హల్దీకి ఇంకా సరిగా వాడుకోవడం లేదు. పసుపు బట్టలు కట్టిన పదిమంది మధ్య పెళ్లికూతురు ఆ రంగులో కూర్చుంటే వేరుగా, వెలుగుగా కనిపిస్తుంది, చెంపల మీది పసుపుకు కూడా అందం వస్తుంది.

గులాబీ రంగుల్లో ముదురుకు ఒక న్యాయం, లేతకు ఒక న్యాయం. రాణీ పింక్‌లో ఎరుపు బలంగా ఉంటుంది, నీలం కొద్దిగా ఉంటుంది. పసుపు పడిన చోట ఆ నీలం పోయి కనకాంబరం వైపు తిరుగుతుంది. అది మచ్చలా కాక ఎండ పడినట్టు ఉంటుంది కాబట్టి చాలామంది కంటికి ఆనదు. బేబీ పింక్ అలా కాదు. లేతగా ఉందంటేనే అందులో తెలుపు, దానితో పాటు నీలం ఎక్కువగా ఉన్నాయని అర్థం. మరక పడ్డ చోటు మాగిన పీచ్ రంగులోకి, మిగతా చోటు చల్లని గులాబీలో ఉండిపోయి, ఒకే బట్ట రెండు ముక్కలు అతికినట్టు కనిపిస్తుంది. ఏ రంగుకైనా ఇదే వర్తిస్తుంది: ఒకే కుటుంబంలో లేత రంగు ఎప్పుడూ ముదురు రంగు కంటే ఎక్కువగా చెడుతుంది.

ఆకుపచ్చల్లో చిలకపచ్చ నిలుస్తుంది. అందులో పసుపు పాలే ఎక్కువ కనుక మరకతో ఇంకొంచెం పచ్చబడుతుందే తప్ప వెలిసిపోయినట్టు కాదు. మామిడాకు పచ్చ కూడా మంచిదే. పిస్తా, మింట్, సముద్రపు పచ్చ లాంటివాటిలో నీలం కలిసి ఉంటుంది. పసుపు పడగానే అవి చిలకపచ్చలోకి తిరుగుతాయి, కానీ పడిన చోట మాత్రమే తిరుగుతాయి. మింట్ కుర్తా మీద చిలకపచ్చ చారలు వస్తే కొన్ననాటి రంగే బాగుండేదనిపిస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టపోయేవి లావెండర్, లేత ఊదా, ఆకాశనీలం. ఊదాకు పసుపు పూర్తిగా ఎదురు రంగు. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపేసుకుని మట్టి రంగు మిగులుతుంది. లావెండర్ వోణీ మీద చేతి గుర్తు పడితే అది పసుపు చేతిలా ఉండదు, మాసిన చేతిలా ఉంటుంది. ఆకాశనీలం మీద పసుపు బూజు పట్టిన పచ్చగా మారుతుంది. ఈ రంగులు ఫొటోల్లో చాలా అందంగా ఉంటాయి, పెళ్లిళ్లలో ఇప్పుడు బాగా నడుస్తున్నాయి కూడా. వాటిని సంగీత్‌కో, రిసెప్షన్‌కో ఉంచుకోవడం మేలు. నెమలికంఠం, ముదురు నీలం లాంటివి ముదురు రంగులు గనుక మరక వల్ల పెద్దగా మారవు. కానీ నలుగులో కలిపిన శనగపిండి ఆరాక వాటి మీద లేత పొడిగా తేలుతుంది. మెరూన్, నలుపుల్లోనూ ఇదే ఇబ్బంది. రంగు చెడకపోయినా సున్నం గోడకు రాసుకొచ్చినట్టు కనిపిస్తుంది.

క్రీమ్, హాఫ్ వైట్ బట్టల గురించి వేరుగా చెప్పాలి. మగవాళ్లలో చాలామంది హల్దీకి హాఫ్ వైట్ లాల్చీ వేసుకుంటారు. మరక అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది దాని మీదే, అది కావాలనుకునేవాళ్లూ ఉన్నారు. పసుపు నిండుగా, ఒళ్లంతా పూసే చోట తెల్ల నూలు బట్ట చివరికి సందడిగానే ఉంటుంది. ఒకటి రెండు చుక్కలు మాత్రమే పడే చోట మాత్రం అది భోజనాల దగ్గర ఒలికిన మరకలా ఉంటుంది. తెలుపు మీద మనసున్నవారికి తెలుగు ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి ఒకటుంది. కొత్త బట్ట కట్టేముందు దాని అంచులకు పసుపు పెడతారు, కొన్ని ఇళ్లలో బట్టనంతా పసుపు నీళ్లలో ముంచుతారు. హల్దీకి ఈ రెండో పద్ధతి చక్కగా సరిపోతుంది. అరబకెట్ గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు చెంచాల పసుపు కలిపి పలచని గుడ్డలో వడకట్టాలి. వడకట్టకపోతే పొడి అక్కడక్కడా పేరుకుని చుక్కలు పడతాయి. గంజి లేని నూలు పంచెను గానీ చీరను గానీ ముందుగా మామూలు నీళ్లలో పూర్తిగా తడిపి, పిండి, ఆ తరవాతే పసుపు నీళ్లలో వేసి అరగంట పాటు అటూ ఇటూ కదుపుతూ ఉంచాలి. పొడి బట్టను నేరుగా వేస్తే మడతల దగ్గర రంగు ఎక్కువగా పట్టి చారలొస్తాయి. పిండి నీడలోనే ఆరేయాలి. అప్పుడు బట్ట అంతా ఒకే పచ్చదనంతో ఉంటుంది, హల్దీలో పడే పసుపు దానికి మరో పూతలా చేరుతుంది. ఆ బట్టను ఉతికేటప్పుడు మాత్రం మిగతావాటితో కలపకూడదు.

రంగు తేల్చుకునే ముందు ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకుంటే సందేహాలు తీరతాయి. ఉదాహరణకు ఒక పెళ్లికూతురికి నిమ్మ రంగు లంగా, దాని మీద లావెండర్ వోణీ వేసుకోవాలని ఉందనుకుందాం. మ్యాచింగ్ సెంటర్‌లో ఆ రెండు రంగులూ, వాటికి తోడు బంతి రంగు, రాణీ పింక్, చిలకపచ్చ బ్లౌజ్ పీసులూ తీసుకుని ఒక్కొక్క దాని మూల నుంచి అరచేయంత ముక్క కత్తిరించాలి. అసలు కొనబోయే గుడ్డ రకంలోనే ముక్కలు తీసుకోవాలి. చందేరి కొనబోతూ నూలు ముక్క మీద చూస్తే ఫలితం వేరుగా వస్తుంది. రెండు చెంచాల పసుపు, రెండు చెంచాల శనగపిండి, ఒక చెంచా నువ్వుల నూనె, తగినన్ని నీళ్లు కలిపి ఆ రోజు పెట్టబోయే నలుగులాగే ముద్ద చేయాలి. ముక్కలో సగానికి దాన్ని వేళ్లతో రాసి, మిగతా సగాన్ని వదిలేయాలి. గంటసేపు ఆరాక చెంచా వెనక వైపుతో గోకేసి, దులిపి, ముక్కలన్నిటినీ కిటికీ దగ్గర పగటి వెలుతురులో వరుసగా పరిచి ఆరేడు అడుగుల దూరం నుంచి చూడాలి.

నిమ్మ రంగు ముక్కలో రాసిన సగానికీ రాయని సగానికీ మధ్య గీత ఆ దూరం నుంచి కూడా తెలుస్తుంది. లావెండర్ ముక్కలో రాసిన సగం వేరే గుడ్డలా ఉంటుంది. బంతి రంగులో గీతను వెతుక్కోవాలి. రాణీ పింక్‌లో ఒక వైపు కాస్త ఎర్రబడి ఉంటుంది, చిలకపచ్చలో ఒక వైపు కాస్త పసిమి ఎక్కుతుంది, రెండూ ఇంపుగానే ఉంటాయి. ఆరేడు అడుగులన్నది ఫొటో తీసే దూరం, అతిథులు చూసే దూరం. దగ్గర పెట్టుకుని చూస్తే ఏ ముక్కలోనైనా తేడా కనిపిస్తుంది, దానికి కంగారు పడనక్కర్లేదు.

ఇప్పుడు ఏ రంగు ఎక్కడ రావాలన్నది చూడాలి. నలుగు పడేది ముఖ్యంగా చెంపలు, మెడ, చేతులు, మోకాళ్లు, పాదాల మీద. అక్కడి నుంచి జారి జాకెట్టు మెడ, చేతుల అంచులు, భుజం మీది వోణీ, ఒడి, లంగా కుచ్చిళ్ల అంచు మరకలవుతాయి. అంటే జాకెట్టూ వోణీయే అందరికంటే ముందు పసుపు తినేవి. ఆ పెళ్లికూతురికి నిమ్మ రంగు లంగా వదులుకోవడం ఇష్టం లేకపోతే జాకెట్టు బంతి రంగులో, వోణీ రాణీ పింక్‌లో వేసుకుని, ఒడిలో ఒక పసుపు తువ్వాలు పరుచుకుంటే సరిపోతుంది. లావెండర్ అంటే అంత ప్రాణమైతే అది పూల నగల్లోనో, గాజుల్లోనో రావచ్చు, వోణీగా మాత్రం కాదు.

ఒకే రంగు పరుచుకున్న గుడ్డ కంటే నిండైన ప్రింటు మరకను బాగా దాచుతుంది. ఎందుకంటే కన్ను ఆ మచ్చను డిజైన్‌లో భాగంగానే తీసుకుంటుంది. రాజస్థాన్ లెహరియా చారలు, బాంధనీ చుక్కలు హల్దీకి ఇంత బాగా కుదరడానికి కారణం అదే. పసుపు, నారింజ, గులాబీ కలిసిన బాంధనీ మీద పడిన పసుపు చుక్క మరో చుక్కలా కలిసిపోతుంది. పోచంపల్లి ఇక్కత్‌లో ఎరుపు, ఆవపిండి రంగు కలిసినవి కూడా ఈ పనికి వస్తాయి. తెల్లటి నేల మీద పూలున్న కలంకారీ మాత్రం వద్దు. పూలు బాగానే ఉంటాయి, వాటి మధ్య తెలుపు చెడుతుంది. పైగా సహజ రంగులతో వేసిన కలంకారీని మరక పోవాలని గట్టిగా ఉతకడానికి వీలుండదు.

గుడ్డ రకాన్ని బట్టి కూడా మరక లోతు మారుతుంది. నూలుకూ పట్టుకూ కుర్‌కుమిన్ ఏ అద్దకం మందూ అక్కర్లేకుండానే అంటుకుంటుంది. పాలిస్టర్ జార్జెట్‌కు మామూలు చల్లని నలుగు అంతగా పట్టదు, ఎక్కువ భాగం నీళ్లకే పోతుంది. కానీ ఎండాకాలం పెళ్లిలో, నూనె పిండి ఒంటికి రాసుకుని, పెరట్లో పాలిస్టర్‌తో కూర్చోవడం కష్టం. మల్ కాటన్ చల్లగా ఉంటుంది, మంచి రంగును ఎంచుకుంటే దాని మరక బాధించదు. కంచి పట్టు, గద్వాల పట్టు చీరలను ఈ వేడుకకు తేకపోవడమే మంచిది. పట్టుకు పట్టిన పసుపును వదిలించడానికి ఇంట్లో చేసే ఉపాయాలు పట్టుకే హాని చేస్తాయి. జర్దోసీ, పూసల పని, చమ్కీల సందుల్లో శనగపిండి దూరి ఆరితే గోకడానికి రాదు, రంగు ఎంత మంచిదైనా ఆ పని మురికిగా కనిపిస్తుంది. అంచుకు సన్నని గోటా పట్టీ చాలు.

ముదురు రంగుల నూలు బట్టలకు మరో పరీక్ష కూడా అవసరం. మంగళస్నానంలో బిందెలతో నీళ్లు పోస్తారు. చౌక రాణీ పింక్, ఎరుపు గుడ్డలు రంగు వదిలి పక్కనున్న పసుపు లంగాను గులాబీ చేసేస్తాయి. తడిపిన తెల్ల రుమాలును గుడ్డ లోపలి వైపు గట్టిగా రుద్ది చూస్తే రంగు వదిలేదో కాదో తెలిసిపోతుంది.

వెలుతురు కూడా రంగులను మార్చి చూపిస్తుంది. సాయంత్రం పసుపుపచ్చని బల్బుల కింద హల్దీ పెట్టుకుంటే ఆ కాంతిలోనే నీలం తక్కువ. అందుకని తెలుపు, నిమ్మ, క్రీమ్ అన్నీ ఒకేలా కనిపిస్తాయి, మరకలు కూడా మాసిపోయినట్టుంటాయి. ఉదయం పూట ఎండలో ఆ అదృష్టం ఉండదు. దుకాణంలోని లైట్ల కింద నచ్చిన రంగును గుమ్మం బయటికి తెచ్చి చూడమనడం అందుకే. మండపం వెనక బంతిపూల తెర కట్టినప్పుడు బంతి రంగు బట్టలు అందులో కలిసిపోయి మనిషి ముఖమే తేలుతుంది. అలాంటి చోట పెళ్లికూతురు బంతి రంగు లంగా మీద రాణీ పింక్ వోణీతోనో, చిలకపచ్చ జాకెట్టుతోనో కూర్చుంటే ఫొటోలో రూపురేఖలు విడిగా కనిపిస్తాయి.

ఇంత జాగ్రత్తగా ఎంచుకున్న రంగు కూడా ఉతుకులో తప్పు జరిగితే దెబ్బతింటుంది. కుర్‌కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే హారతి నీళ్లు ఎర్రగా అయ్యేది ఇందువల్లే. సబ్బులోనూ, ఉతుకు పొడిలోనూ క్షారం ఉంటుంది కనుక మరక మీద సబ్బు రుద్దగానే అది రక్తపు మరకలా ముదురు ఎరుపెక్కుతుంది. బంతి రంగు బట్ట మీద అప్పటిదాకా కనిపించని మరక అప్పుడు బయటపడుతుంది. బట్ట నాశనమైందని చాలామంది అక్కడే దిగాలు పడతారు. మంచినీళ్లలో సబ్బు పూర్తిగా పోయేదాకా జాడిస్తే ఆ ఎరుపు తగ్గి మళ్లీ పసుపులోకి వస్తుంది. కొద్దిగా నిమ్మరసం కలిపిన నీళ్లలో ముంచితే ఇంకా త్వరగా వస్తుంది.

సరైన వరుస ఇలా ఉంటుంది. బట్ట విప్పగానే ఎండిన పిండిని గోకి దులపాలి, తడిగా ఉంటే రుద్దకుండా చల్లని నీటిధార కింద పట్టాలి. ఆ తరవాతే సబ్బు, అదీ బట్టనంతా ఒక్కసారిగా ముంచి ఉతకాలి. మరక దగ్గర ఒక్కచోటే రుద్దితే అక్కడ బట్ట అసలు రంగు కూడా లేచిపోయి, పసుపు పోయాక వెలిసిన మచ్చ మిగులుతుంది. నలుగులో నూనె ఉంటుంది కాబట్టి ఉత్త నీళ్లకు అంతా పోదు, సబ్బు కావాల్సిందే. ఆఖరున మిగిలే పసిమికి ఎండే మందు. కుర్‌కుమిన్ వెలుతురుకు నిలవదు, తడి బట్టను కొన్ని రోజులు మార్చి మార్చి ఎండలో వేస్తే దానంతటదే పలచబడుతుంది. తెల్ల నూలు బట్టకు ఈ వైద్యం బాగా పనిచేస్తుంది. రాణీ పింక్, చిలకపచ్చ బట్టలను గంటల తరబడి ఎండబెడితే మరకతో పాటు వాటి రంగూ వెలుస్తుంది, కాబట్టి వాటిని తిరగేసి లోపలి వైపు పైకి వచ్చేలా కొద్దిసేపే ఆరేయాలి. బంతి, నారింజ, కనకాంబరం రంగుల్లో మిగిలిన పసిమిని వదిలించాల్సిన పనే ఉండదు. పిండి, నూనె పోతే చాలు, ఆ బట్టలు మరుసటి పండగకు కట్టుకోవచ్చు.